కరెంటు పోయినప్పుడు అమ్మ దోసెలు పోస్తోంది: ‘టెన్స్ తప్పు’ అని రాసిన చోట అసలు తప్పేమిటి?

బీఈడీ ట్రైనీలకు ఇంగ్లిష్ మెథడాలజీ చెప్పడం నా పని. టీచింగ్ ప్రాక్టీస్ రోజుల్లో వాళ్ళ క్లాసుల్లో వెనక బెంచీలో కూర్చుని నోట్స్ రాసుకుంటాను. ఈ కేసు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిదో తరగతిది. ట్రైనీ పేరు, స్కూలు పేరు ఇక్కడ అక్కర్లేదు. ఆవిడ బాగా చెప్పగలిగిన మనిషి. తప్పు ఆవిడ ఒక్కరిదీ కాదు. మేం చదువుకున్నదీ, ఆ తర్వాత మేం చెప్పిందీ అలాగే ఉంది.

ముందు రోజు రాత్రి ఊళ్ళో కరెంటు పోయింది. ఆవిడ దాన్నే పాఠంగా తీసుకుని, ‘కరెంటు పోయినప్పుడు మీ ఇంట్లో ఎవరెవరు ఏం చేస్తున్నారో ఐదు వాక్యాలు రాయండి’ అన్నారు. పిల్లలకు చెప్పడానికి నిజంగా ఏదో ఉన్న టాపిక్. అందరూ రాశారు. సగానికి పైగా నోట్‌బుక్కుల్లో ఇలాంటి వాక్యాలున్నాయి: ‘వెన్ పవర్ వెంట్ ఆఫ్, ఐ యామ్ రైటింగ్ హోంవర్క్.’ ‘వెన్ పవర్ వెంట్ ఆఫ్, మై మదర్ ఈజ్ మేకింగ్ దోశాస్.’

ట్రైనీ ప్రతి వాక్యం మొత్తానికీ ఎర్ర గీత గీసి, పక్కన ‘టెన్స్ తప్పు’ అని రాశారు. మర్నాడు బోర్డు మీద పన్నెండు గళ్ళ పట్టిక వేశారు. పైన ప్రెజెంట్, పాస్ట్, ఫ్యూచర్. పక్కన సింపుల్, కంటిన్యువస్, పర్‌ఫెక్ట్, పర్‌ఫెక్ట్ కంటిన్యువస్. మనందరం మోసుకొచ్చిన పట్టికే. చివర్లో ఒక సూత్రం చెప్పారు: ‘వాక్యంలో ఒక సగం పాస్ట్‌లో ఉంటే రెండో సగం కూడా పాస్ట్‌లోనే ఉండాలి.’

పిల్లలు సూత్రం పాటించారు. మూడో రోజు నోట్‌బుక్కుల్లో ‘వెన్ ద పవర్ వెంట్ ఆఫ్, ఐ రోట్ మై హోంవర్క్,’ ‘మై మదర్ మేడ్ దోశాస్’ అని వచ్చాయి. ట్రైనీ అన్నిటికీ టిక్కులు పెట్టి, నవ్వుతూ నా చేతికిచ్చారు.

నేను ఒక నోట్‌బుక్కు దగ్గర ఆగాను. ఆ అమ్మాయి వరసగా రెండు వాక్యాలు రాసింది. కరెంటు పోయినప్పుడు ‘మై మదర్ మేడ్ దోశాస్’ అని ఒకటి, ‘మై గ్రాండ్‌మదర్ లిట్ ద క్యాండిల్’ అని ఇంకొకటి. రెండూ ఒకే అచ్చులో ఉన్నాయి, రెంటికీ టిక్కులున్నాయి. నానమ్మ కొవ్వొత్తి వెలిగించింది కరెంటు పోయాక, పోయింది కాబట్టి. మరి దోసెలు?

‘అంటే, కరెంటు పోయిందని అమ్మ లేచెళ్ళి దోసెలు పోసిందా అమ్మా?’ అన్నాను.

ట్రైనీ వాక్యం మళ్ళీ చదివారు. ‘లేదు సార్, అప్పటికే పోస్తోంది.’

‘మరి ఈ వాక్యం ఏమంటోంది?’

మొదటి రోజు వాక్యంలో తప్పుంది, కానీ అమ్మ దోసెలు పోసే మధ్యలో కరెంటు పోయిందన్న చిత్రం చెడలేదు. మూడో రోజు వాక్యంలో వ్యాకరణం తప్పు లేదు, చిత్రం మాత్రం పోయింది. సరైన సగాన్ని చెరిపేసి, మిగిలినదానికి టిక్కు పెట్టాం. ‘టెన్స్ తప్పు’ అనే ఒక్క మాట రెండు వేరువేరు సంగతుల్ని ఒకే సంచిలో వేసింది కాబట్టే ఇలా జరిగింది.

వరండాలో మాట్లాడుకున్నది

ఇంటర్వెల్‌లో వరండాలో కూర్చున్నాం. ‘వీళ్ళకి పాస్ట్ కంటిన్యువస్ రాదు సార్’ అన్నారు ట్రైనీ. రాదు అనే ముందు, వాళ్ళు తెలుగులో ఏం అనుకుని అలా రాశారో చూద్దాం అన్నాను.

‘నిన్న కరెంటు పోయినప్పుడు అమ్మ ఏం చేస్తోంది?’

‘దోసెలు పోస్తోంది.’

‘ఇప్పుడు, ఈ నిమిషంలో, అమ్మ ఏం చేస్తోంది?’

‘దోసెలు పోస్తోంది.’ అంటూనే ఆవిడ ఆగిపోయారు. రెండు చోట్లా ఒకటే మాట.

మన ‘-తున్న’ రూపానికి నిన్న, ఇవాళ అనే పట్టింపు లేదు. ‘మీరు ఫోన్ చేసినప్పుడు తింటున్నాను’ అంటాం, ‘ఇప్పుడు తింటున్నాను, తర్వాత చేస్తా’ అనీ అంటాం. కారణం అందులో కూర్చున్న ‘ఉండు’ క్రియ. తిను - తిన్నాడు, కొను - కొన్నాడు, ఉండు - ఉన్నాడు. రూపం చూస్తే మూడూ భూతకాలానివే. కానీ తిన్నాడు, కొన్నాడు అంటే అయిపోయిన సంగతి మాత్రమే. ‘ఉన్నాడు’ అలా కాదు. ‘నిన్న ఇంట్లోనే ఉన్నాడు,’ ‘ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు’ రెండూ చెల్లుతాయి. ఏ రోజు సంగతో పక్కనున్న మాటలే చెప్పాలి. ఆ ‘ఉన్నాడు’ని తోకగా తగిలించుకున్న ‘తింటున్నాడు’కీ అదే గుణం వచ్చింది.

మరి ‘-తున్న’ దేన్ని చెబుతోంది? పని ఎప్పుడు జరిగిందో కాదు. పని మధ్యలో ఉందని, మనం దాన్ని లోపలి నుంచి చూస్తున్నామని చెబుతోంది. దీన్నే ఇంగ్లిష్ వ్యాకరణంలో ఆస్పెక్ట్ అంటారు. నేను క్లాసులో ‘తీరు’ అని వాడతాను, టెన్స్‌ని ‘కాలం’ అంటాను. మాట ఏదైనా ఫరవాలేదు, రెంటికీ రెండు మాటలుండాలి అంతే. ఆ పేర్ల పుట్టుక కూడా ఇదే చెబుతుంది. టెన్స్ అనేది కాలం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. ఆస్పెక్ట్ అంటే చూపు. రష్యన్ వ్యాకరణంలో క్రియల జంటలకు వాడే ఒక మాటకు అనువాదంగా అది పశ్చిమ యూరప్ వ్యాకరణాల్లోకి వచ్చింది. ఒకటి గడియారం వైపు వేలు చూపిస్తుంది, ఇంకొకటి మనం ఎక్కడ నిలబడి చూస్తున్నామో చెబుతుంది.

ఈ ఆలోచన తెలుగు వ్యాకరణానికి కొత్తదేమీ కాదు. చిన్నయ సూరి బాలవ్యాకరణంలో భూత, వర్తమాన, భవిష్యత్తుల పక్కన తద్ధర్మం అని ఇంకొకటి ఉంటుంది. ‘సూర్యుడు తూర్పున ఉదయించును’ లాంటి వాక్యం ఏ ఒక్క కాలానిదీ కాదు, అదొక స్వభావం. మూడు కాలాల్లో అన్నీ ఇమడవని అక్కడే కనిపిస్తుంది. బళ్ళో తెలుగు పీరియడ్‌లో తద్ధర్మం చదివి, తర్వాతి ఇంగ్లిష్ పీరియడ్‌లో అన్నీ టెన్సులే అని రాసుకుంటాం.

ఇంగ్లిష్ సంగతికి వస్తే, అందులో ‘-ఇంగ్’ తీరు చెబుతుంది, దాని ముందున్న ‘ఈజ్’ లేదా ‘వాజ్’ కాలం చెబుతుంది. మన పిల్లలకు తీరు బాగానే వచ్చింది. తెలుగులో కాలాన్ని ‘ఉంది’ అనే మాట విడిగా చెప్పదు కాబట్టి, ఇంగ్లిష్‌లో ‘ఈజ్’ మీద కాలం వేయాలని వాళ్ళకు తట్టలేదు. దిద్దాల్సింది ఒక్క మాట. మనం వాక్యమంతా గీత గీశాం.

పన్నెండు గళ్ళు కాదు, రెండు ప్రశ్నలు

ట్రైనీకి ఒక చిన్న పరీక్ష ఇచ్చాను. ‘షి ఈజ్ రైటింగ్’ని నిన్నటికి మార్చండి. ‘షి వాజ్ రైటింగ్.’ ‘షి హ్యాజ్ రిటెన్’ని మార్చండి. ‘షి హ్యాడ్ రిటెన్.’ ‘షి హ్యాజ్ బీన్ రైటింగ్’ని మార్చండి. ‘షి హ్యాడ్ బీన్ రైటింగ్.’ ఏం మారింది?

‘మొదటి మాటే సార్.’

అంతే. క్రియ ఒక మాటైనా మూడు మాటలైనా, కాలం మొదటి మాట మీదే కూర్చుంటుంది. తర్వాతివి కదలవు. ‘రైట్స్’ లాంటి ఒంటరి క్రియ అయితే మార్పు దాని మీదే పడి ‘రోట్’ అవుతుంది. ప్రశ్న అడగ్గానే ‘డిడ్’ ముందుకొచ్చి ఆ బరువు తీసుకుంటుంది, క్రియ మళ్ళీ ‘రైట్’ అయిపోతుంది. ‘డిడ్ యు వెంట్’ ఎందుకు తప్పో కూడా ఇక్కడే తేలుతుంది: కాలం రెండుసార్లు వేశారు.

ఇప్పుడు తిరగేసి చూద్దాం అన్నాను. కాలం కదపకండి, తీరు మార్చండి. నిన్న రాత్రి కరెంటు పోయిన ఆ ఒక్క క్షణం. ‘ఐ రోట్,’ ‘ఐ వాజ్ రైటింగ్,’ ‘ఐ హ్యాడ్ రిటెన్.’ మూడూ పాస్టే. మొదటిదాంట్లో కరెంటు పోయాక రాశాను. రెండోదాంట్లో రాస్తూ ఉండగా పోయింది. మూడోదాంట్లో అప్పటికే రాసేశాను. గడియారం ఒకటే, చిత్రాలు మూడు. కాలం, తీరు ఒకటే అయితే ఇది కుదరదు.

మరి ఫ్యూచర్ ఏమైందని ఆవిడ అడిగారు. రూపం దృష్టిలో ఇంగ్లిష్ క్రియకు రెండే కాలాలు: పాస్ట్, పాస్ట్ కానిది. ‘విల్’ అనేది ‘కెన్,’ ‘మే’లతో కూర్చునే సహాయక క్రియ. మన ‘వస్తాడు’ కూడా ‘రేపు వస్తాడు,’ ‘రోజూ వస్తాడు’ రెంటికీ సరిపోతుంది, ఫ్యూచర్‌కు విడి రూపం మనకూ లేదు. ఎనిమిదో తరగతిలో ఈ గొడవ ఎత్తొద్దన్నాను. పాఠ్యపుస్తకంలో ఫ్యూచర్ టెన్స్ అని ఉంటే అలాగే చెప్పండి. టీచరుకు తెలిస్తే చాలు.

మళ్ళీ చెప్పిన పాఠం

నాలుగో రోజు క్లాసు ప్లాన్ ఇద్దరం కలిసి వేశాం. ఒక అబ్బాయి బోర్డు మీద ఎలిఫెంట్ అని రాస్తుంటాడు. ఒక అమ్మాయి వెళ్ళి ఫ్యాను స్విచ్చి ఆపేస్తుంది. ఆపగానే రాసేవాడు చెయ్యి తీసేయాలి.

ఫ్యాను ఆగేసరికి బోర్డు మీద మాట సగమే ఉంది, ‘ఎలిఫ్’ దగ్గర. ఇంతవరకూ బాగుంది. అక్కడే ట్రైనీ ‘వాట్ ఈజ్ హి డూయింగ్?’ అని అడిగారు. పిల్లలు ‘హి ఈజ్ స్టాండింగ్’ అన్నారు. నిజమే కదా, నిలబడే ఉన్నాడు. ప్రశ్న ఇప్పటిదైతే జవాబూ ఇప్పటిదే. అభ్యాసం పాస్ట్ గురించి కావాలంటే ముందు దృశ్యాన్ని పాస్ట్‌లోకి పంపాలి. రెండోసారి ఇద్దర్నీ వాళ్ళ చోట్ల కూర్చోబెట్టి, ఫ్యాను మళ్ళీ వేసి, బోర్డు మీది సగం మాటను మాత్రం అలాగే ఉంచి అడిగారు: ‘వెన్ షి స్విచ్‌డ్ ఆఫ్ ద ఫ్యాన్, వాట్ వాజ్ హి డూయింగ్?’ ఈసారి ‘హి వాజ్ రైటింగ్’ అని వచ్చింది.

తర్వాత ఇంకో రెండు దృశ్యాలు. మాట పూర్తిగా రాసి చాక్‌పీస్ బల్ల మీద పెట్టేశాక ఫ్యాను ఆపడం ఒకటి. ముందు ఫ్యాను ఆపి, ఆ తర్వాత రాయడం మొదలుపెట్టడం ఇంకొకటి. ప్రతిసారీ పిల్లలు మూడు వాక్యాల్లోంచి సరైనదాన్ని ఎంచుకోవాలి. పట్టిక లేదు, పేర్లు లేవు. ఆ మూడు వాక్యాల్లో తేడా ఏ మాట చెబుతోందో మాత్రం గీత గీయించాం.

ఆ సగం మాట ఇంకో పని కూడా చేసింది. ‘హి వాజ్ రైటింగ్ ఎలిఫెంట్’ అన్నది మొదటి దృశ్యంలో నిజం. ‘హి రోట్ ఎలిఫెంట్’ అన్నది అక్కడ అబద్ధం, బోర్డు మీద ఆ మాటే పూర్తి కాలేదు. ‘-ఇంగ్’ పని పూర్తయిందని హామీ ఇవ్వదు. కానీ ‘హి వాజ్ వాకింగ్’ నిజమైతే ‘హి వాక్‌డ్’ కూడా నిజమే, నడకకు ముగింపు గీత అంటూ లేదు కాబట్టి. క్రియ అర్థంలోనే ముగింపు ఉందా లేదా అన్నది కూడా తీరుతో ముడిపడి ఉంటుంది. ఇది పిల్లలకు కాదు, ఉదాహరణలు ఎంచుకునే టీచరుకు. పాస్ట్ కంటిన్యువస్ మొదటిసారి చెప్పేటప్పుడు ‘వాకింగ్,’ ‘స్లీపింగ్’ కంటే ‘రైటింగ్ ఎ వర్డ్,’ ‘డ్రాయింగ్ ఎ సర్కిల్’ లాంటివి తీసుకుంటే తేడా కంటికి కనిపిస్తుంది.

కొత్త తప్పులు

అయిదో రోజు నోట్‌బుక్కుల్లో దోసెలు సరిగ్గా పోస్తున్నారు. కానీ కొందరు కొవ్వొత్తిని కూడా ‘వాజ్ లైటింగ్’ చేశారు. కొత్తగా నేర్చుకున్నదాన్ని అంతటా వాడేశారు. ఇది కాలం తప్పు కాదు, తీరు తప్పు. ట్రైనీ ఈసారి గీత గీయలేదు. రాసినవాణ్ణి పిలిచి, ‘నానమ్మ వెలిగించిందా, వెలిగిస్తోందా?’ అని తెలుగులో అడిగారు. ‘వెలిగించింది టీచర్’ అన్నాడు. అయితే వాడికి తేడా తెలుసు, ఏ ఇంగ్లిష్ రూపానికి జత చేయాలో తెలియలేదు. వాడు వెనక్కి వెళ్ళి తనే దిద్దుకున్నాడు.

తెలుగులో అడిగి చూడడం మంచి పరీక్షే, కానీ అన్నిచోట్లా నమ్మడానికి లేదు. మూడు చోట్ల అది మోసం చేస్తుంది.

ఒకటి, ‘చిన్నప్పుడు ప్రతి ఆదివారం చెరువుకి వెళ్ళేవాళ్ళం.’ దీన్ని చాలామంది ‘వి వర్ గోయింగ్’ అని రాస్తారు. మనకు ‘వెళ్ళాం’ వేరు, ‘వెళ్ళేవాళ్ళం’ వేరు. ఇంగ్లిష్ ‘వి వెంట్’ ఆ రెంటికీ సరిపోతుంది, అలవాటని ప్రత్యేకంగా చెప్పాలంటే ‘యూజ్డ్ టు’ ఉంది. ఇక్కడ తెలుగే ఎక్కువ వివరంగా చెబుతోంది. ఆ వివరాన్ని ఎక్కడో ఒకచోట పెట్టాలన్న తాపత్రయంలో ‘-ఇంగ్’ మీద పెడతారు.

రెండు, ‘పదేళ్ళ నుంచి ఈ ఊళ్ళోనే ఉంటున్నాం.’ తెలుగుకు ఇది నడుస్తున్న పని, అంతే. ఇంగ్లిష్‌లో మొదలైన చోటు నుంచి ఇప్పటిదాకా ఒక గీత లాగాలి: ‘వి హ్యావ్ బీన్ లివింగ్.’ తెలుగును నమ్ముకుంటే ‘వి ఆర్ లివింగ్ సిన్స్ టెన్ ఇయర్స్’ వస్తుంది.

మూడోది పర్‌ఫెక్ట్, అంటే ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ ఎస్టర్‌డే’ లాంటి తప్పు. తెలుగు ‘చూశాను’ ఒక్కటే ‘ఐ సా’కీ ‘ఐ హ్యావ్ సీన్’కీ సరిపోతుంది కాబట్టి తెలుగులో అడిగి లాభం లేదు. కానీ మొదటి మాట పరీక్ష ఇక్కడ పనికొస్తుంది. ‘హ్యావ్’ ఏ కాలం? ప్రెజెంట్. దాని పక్కన ‘ఎస్టర్‌డే’ పెడితే మొదటి మాట ఇవాళ అంటుంది, చివరి మాట నిన్న అంటుంది. అదే ‘హ్యాడ్ సీన్’ అయితే ఆ గొడవ లేదు. ‘ప్రెజెంట్ పర్‌ఫెక్ట్‌తో ఎస్టర్‌డే రాకూడదు’ అని బట్టీ పట్టించే సూత్రానికి కారణం ఇదే. పర్‌ఫెక్ట్‌ని పూర్తిగా ఆస్పెక్ట్ కింద వేయాలా అన్న దానిపై భాషావేత్తలకు ఏకాభిప్రాయం లేదు. అది పనిని లోపలి నుంచో బయటి నుంచో చూపించడం కంటే, పాత పనిని ఆ తర్వాతి క్షణంతో కలపడమే ఎక్కువ చేస్తుంది. క్లాసు అవసరానికి నేను తీరు వైపే పెడతాను.

ఇంకో హెచ్చరిక కూడా ట్రైనీకి చెప్పాను. పాస్ట్ రూపం కనిపించిన ప్రతిచోటా గడిచిన కాలం ఉండదు. ‘ఇఫ్ ఐ హ్యాడ్ మనీ’ అన్నవాడు నిన్నటి డబ్బు గురించి మాట్లాడడం లేదు. ‘ఐ వాంటెడ్ టు ఆస్క్ యు’ అన్నది కేవలం మర్యాద. మన ‘ఒక మాట అడుగుదామని వచ్చాను’ లాగే.

మార్జిన్‌లో ఇప్పుడు రాసేది

ట్రైనీ ‘టెన్స్ తప్పు’ అని రాయడం మానేశారు. మొదటి మాటలో తప్పుంటే దాని కిందే చిన్న గీత, మార్జిన్‌లో ‘కా’. చిత్రమే తప్పితే ‘తీ’. పిల్లలకు ఆ రెండక్షరాల అర్థం ఒక్క క్లాసులో అలవాటైంది. దిద్దడానికి మొదట్లో ఎక్కువ టైమ్ పట్టింది. ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఈ పిల్లవాడు చెప్పాలనుకున్న చిత్రమేమిటి అని ఆలోచించాల్సి వచ్చింది. ఆవిడ ఈ విసుగు నా దగ్గర దాచలేదు.

ప్రాక్టీస్ చివరి వారంలో ఒక నోట్‌బుక్కు పట్టుకుని స్టాఫ్‌రూమ్‌కి వచ్చారు. ఒక అమ్మాయి వాళ్ళ తాతయ్య గురించి రాసింది: ‘వెన్ మై గ్రాండ్‌ఫాదర్ డైడ్, ఐ యామ్ ఇన్ హాస్టల్.’

‘సార్, ఇందులో -ఇంగే లేదు. ఇదీ అదే తప్పు కదా?’

‘తెలుగులో ఏమంటుంది?’

‘తాతయ్య పోయినప్పుడు నేను హాస్టల్‌లో ఉన్నాను.’ ‘ఉన్నాను’ అన్నచోట కొంచెం ఒత్తి పలికారు. తర్వాత పెన్ను తీసి ‘యామ్’ కింద మాత్రం గీత గీసి, పక్కన ‘కా’ అని రాసుకున్నారు.